నొక్కినా తెరుచుకోని లింకు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదో ఒక రీల్ కింద ఈ వరుస మీ కంటబడే ఉంటుంది: "పూర్తి ఎపిసోడ్ కోసం ఈ లింక్ క్లిక్ చేయండి." దాని పక్కనే https://youtu.be/ అని మొదలై, ఆ వెనకాల పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్న పదకొండు గుర్తులు. ఇదే వరుసను వాట్సాప్‌లో పంపితే నీలం రంగులోకి మారుతుంది, వేలు తగలగానే వీడియో తెరుచుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో మాత్రం ఉత్త రాతలాగే పడి ఉంటుంది. ఫోన్ యాప్‌లో దాన్ని నొక్కి పట్టుకున్నా సాధారణంగా కాపీ చేసుకునే వీలుండదు. చూసి టైపు చేద్దామంటే, ఆ పదకొండులో ఉన్నది పెద్ద ఐ అక్షరమో చిన్న ఎల్ అక్షరమో దేవుడికే తెలియాలి. యూట్యూబ్‌కు ఆ రెండూ వేర్వేరు. ఒక్క గుర్తు మారినా వీడియో దొరకదు.

రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదనుకోవడానికి లేదు. చాలామంది ఒకసారి రాసుకున్న మాటలనే అన్నిచోట్లా అతికించేస్తారు. ఫేస్‌బుక్‌లో పనిచేసిన లింకు ఇక్కడా పనిచేస్తుందిలే అనుకుంటారు. ఎపిసోడ్ చేయడానికి నెలరోజులు పట్టినా దాని గురించి నాలుగు వాక్యాలు రాయడానికి నాలుగు నిమిషాలు కూడా మిగలవు. నొక్కడానికి లింకు లేనిచోట ఆ నాలుగు వాక్యాలు ఎలా రాయాలన్నది ఒక పని. దాని మెలకువలు దానికున్నాయి.

ముందు ఈ గోడ ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 2010లో ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు పెట్టుకునే యాప్‌గా మొదలైంది. మొదటినుంచీ క్యాప్షన్లలో లింకులు పనిచేయనివ్వలేదు. ప్రతి ఫొటో కిందా లింకులు పెట్టనిస్తే మోసగాళ్ల ప్రకటనలతో యాప్ నిండిపోతుందన్నది ఒక కారణం. వచ్చినవాళ్లు బయటికి పోకుండా ఉంటే వాళ్లకే లాభం అన్నది ఇంకో కారణం. దాన్ని పైకి ఎవరూ చెప్పరు. ప్రొఫైల్‌లో పరిచయం రాసుకునే చోట, అంటే బయోలో, ఒక్క లింకు మాత్రం పెట్టుకోనిచ్చారు. "లింక్ ఇన్ బయో" అనే మాట అక్కడ పుట్టిందే. ఒక్క లింకుతో సరిపోనివాళ్ల కోసం 2016లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో లింక్‌ట్రీ అనే కంపెనీ మొదలైంది. ఆ ఒక్క లింకూ నొక్కితే చాలా లింకుల జాబితా తెరుచుకోవడమే అది చేసే పని. 2021లో స్టోరీల్లో లింకు స్టిక్కర్ అందరికీ ఇచ్చారు, 2023 ఏప్రిల్ నుంచి బయోలో ఐదు లింకుల దాకా పెట్టుకోనిచ్చారు. క్యాప్షన్ తలుపు మాత్రం మూసే ఉంచారు.

యూట్యూబ్ కూడా ఇదే దారి పట్టింది. షార్ట్స్ కింద వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టే లింకుల్ని 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోకుండా చేసింది. మోసపు లింకులు పెరిగిపోయాయన్నది వాళ్లు చెప్పిన కారణం. దానికి బదులుగా షార్ట్‌ను అదే ఛానల్లోని పెద్ద వీడియోకు ముడిపెట్టే వీలు కల్పించారు. యూట్యూబ్ స్టూడియోలో 'రిలేటెడ్ వీడియో' అనే చోట ఎపిసోడ్‌ను ఎంచుకుంటే చాలు, షార్ట్ మీదే దాని పేరు కనిపిస్తుంది, నొక్కితే తెరుచుకుంటుంది. నిమిషంలో అయిపోయే పని. ఇది చేయకుండా "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది" అని ఇప్పటికీ చెప్పే షార్ట్స్ ఎన్నో.

ఇక ఒక ఎపిసోడ్ తీసుకుని చూద్దాం. ఇది ఊహించుకున్నదే, కానీ ఇలాంటివి మన దగ్గర వారానికి ఎన్నో వస్తున్నాయి. కోనసీమలోని ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఒక పెద్దావిడతో 48 నిమిషాల సంభాషణ. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పక్కన నీళ్లలా పలుచగా కలిపిన బియ్యప్పిండి, అందులో ముంచిన పలుచని గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద పరిచి లాగేస్తే కాగితం కన్నా పలుచని రేకు కుండకు అంటుకుని ఆరిపోతుంది, దాన్ని చేత్తో ఊడదీస్తారు. ఎపిసోడ్ నిండా ఇలాంటి సంగతులే: కుండ ఎక్కడ చేయిస్తారు, జయ రకం బియ్యమే ఎందుకు వాడతారు, రోజుకు ఎన్ని రేకులు తీస్తే ఎంత కూలి గిడుతుంది.

ఈ ఎపిసోడ్‌కు మామూలుగా రాసే క్యాప్షన్ ఇలా ఉంటుంది:

"హాయ్ ఫ్రెండ్స్! మా కొత్త ఎపిసోడ్ వచ్చేసింది. ఈసారి మన ఆంధ్రా స్పెషల్ పూతరేకుల గురించి ఎన్నో ఆసక్తికరమైన విషయాలు తెలుసుకున్నాం. మీరు ఎప్పుడూ వినని నిజాలు! తప్పకుండా చూడండి, మీ అభిప్రాయం కామెంట్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి. లింక్ ఇన్ బయో."

ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే పూతరేకులు అన్నచోట బొబ్బిలి వీణ అని పెట్టినా, కలంకారీ అని పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఏ ఎపిసోడ్‌కైనా సరిపోయే క్యాప్షన్ ఈ ఎపిసోడ్ గురించి ఏమీ చెప్పనట్టే. పైగా ఐదు పనులు చెప్పింది: చూడు, కామెంట్ చేయి, షేర్ చేయి, సబ్‌స్క్రైబ్ చేయి, బయోకి వెళ్లు. చదివేవాడు ఐదింట్లో దేన్నీ చేయడు.

నొక్కగలిగే లింకు ఉన్నచోట ఇలాంటి బద్ధకపు రాత కొంతవరకు చెల్లుతుంది. పెద్దగా ఆసక్తి లేకపోయినా వేలు ఒకసారి ఆడిస్తే పోలా అనుకుని నొక్కేవాళ్లుంటారు. లింకు లేనప్పుడు మనిషి చేయాల్సిన పనెంతో లెక్కేసి చూడండి. రీల్ ఆపాలి, పైనున్న పేరు మీద నొక్కాలి, ప్రొఫైల్ తెరుచుకోవాలి, బయోలో లింకు వెతకాలి, నొక్కితే వచ్చే జాబితాలో ఏ బటన్ మనదో పోల్చుకోవాలి. అప్పుడు తెరుచుకునే యూట్యూబ్ చాలాసార్లు ఇన్‌స్టాగ్రామ్ లోపలున్న చిన్న బ్రౌజర్లో తెరుచుకుంటుంది. అక్కడ ఆయన తన ఖాతాలో ఉండడు, కాబట్టి సబ్‌స్క్రైబ్ చేయాలన్నా, ఆగినచోటునుంచి రేపు చూద్దామన్నా కుదరదు. ఇన్ని మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా కొంతమంది దిగిపోతారు. చివరిదాకా వచ్చేవాళ్లు తోచక వచ్చినవాళ్లు కారు, ఏదో ఒక సంగతి తెలుసుకోకుండా ఉండలేక వచ్చినవాళ్లు.

అందుకే క్యాప్షన్ రాసే పని రికార్డింగ్ మళ్లీ వినడంతో మొదలవ్వాలి. మొత్తం వినక్కర్లేదు; రికార్డింగ్ చేసేటప్పుడే మనం ముందుకు వంగి విన్న క్షణాలు రెండో మూడో ఉంటాయి, అవి చాలు. మన పూతరేకుల ఎపిసోడ్‌లో 17వ నిమిషం దగ్గర అలాంటిది ఒకటుందనుకుందాం. కుండ వేడి ఎలా తెలుస్తుందమ్మా అని అడిగితే, "చూసేదేముంది బాబూ, చప్పుడు వింటే తెలిసిపోద్ది" అంటుంది పెద్దావిడ. తడిగుడ్డ కుండ మీద పడినప్పుడు వచ్చే చప్పుడు మూడు రకాలట. కుండ మరీ కాగిపోతే ఒకలా వస్తుంది, అప్పుడు రేకు చిల్లులు పడుతుంది. సరిగ్గా కాగకపోతే మరోలా, రేకు ఊడిరాదు. ఆవిడ చేసి చూపిస్తుంటే మూడూ వేర్వేరుగా మైకులో వినబడతాయి.

ఎపిసోడ్ మొత్తంలో క్యాప్షన్‌కు పనికొచ్చేది ఇదే. జీఐ గుర్తింపు సంగతి ముఖ్యమే, కానీ అది పేపర్లో వచ్చింది. జయ బియ్యం సంగతి చాలామందికి తెలుసు. కూలి లెక్క బాధాకరమైనది, దాన్ని ఎర వేయడం నాకు నచ్చదు. చప్పుడు మాత్రం రాతలో పూర్తిగా చెప్పలేనిది. ఎంత వర్ణించినా వినాల్సిందే. అంటే ఎపిసోడ్‌కు వెళ్లాల్సిన అవసరం ఆ విషయంలోనే ఉంది, మనం కొత్తగా పుట్టించక్కర్లేదు.

ఊరించడానికీ మోసగించడానికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. "ఆవిడ చెప్పిన రహస్యం వింటే షాక్ అవుతారు" అని రాస్తే చదివేవాడి చేతికి ఏమీ ఇవ్వలేదు, అంతా దాచుకున్నాం. అలాంటివాటిని జనం ఎన్నో చూసి విసిగిపోయారు. కొంచెం గట్టిగా ఇచ్చి, ఇంకొంచెం మిగల్చాలి. మూడు చప్పుళ్లున్నాయనీ, ఏది వస్తే రేకు ఏమవుతుందో కూడా చెప్పేయొచ్చు. ఎపిసోడ్‌కు రాకుండా ఇంతవరకు చదివి వెళ్లిపోయినవాడికి కూడా ఒక కొత్త సంగతి దక్కింది, వచ్చేసారి మన పేరు కనబడితే ఆగుతాడు. మిగిల్చింది చప్పుడు ఒక్కటే. అది 17వ నిమిషంలో ఉందని కూడా చెప్పేయాలి. నిమిషం చెప్పేస్తే మిగతాది చూడరేమో అని భయపడేవాళ్లున్నారు. నా లెక్కలో అది అనవసరపు భయం. 48 నిమిషాలు అనగానే వెనక్కి తగ్గేవాడు 17వ నిమిషం అంటే వస్తాడు, బాగుంటే ముందుకో వెనక్కో కదులుతాడు. చెప్పినచోట చెప్పిన సరుకు లేకపోతే మాత్రం ఆ సంగతి యూట్యూబ్ స్టూడియోలో గీసే గీతలోనే కనబడుతుంది. ఎంతసేపు చూశారో చూపే ఆ గీత మొదటి అర నిమిషంలోనే నిలువునా కిందికి పడిపోతుంది.

ఇప్పుడు మొదటి వాక్యం. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 క్యారెక్టర్ల దాకా రాయనిస్తారు, కానీ మొదట కనబడేది ఒకటి రెండు వరుసలే. మిగతాది 'మోర్' అనే మాట వెనకాల దాక్కుంటుంది. ఇంగ్లిషు పుస్తకాల్లో 125 క్యారెక్టర్లు కనబడతాయని రాస్తుంటారు. అది ఫోన్‌ను బట్టి మారుతుంది, రీల్ అయితే ఇంకా తక్కువ. తెలుగులో రాసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. మనం ఒక్క అక్షరంగా చదివేది యంత్రం లెక్కలో రెండో మూడో అవుతుంది, ఎందుకంటే గుణింతం, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. 'విం' అనేది మనకు ఒక అక్షరం, దానికి మూడు. ఈ వాక్యం చూడండి:

"కుండ కాగిందో లేదో ఆమె కళ్లతో చూడదు. చెవితో వింటుంది."

మనకిది 21 అక్షరాలు. ఖాళీలూ చుక్కలూ కలుపుకుని యంత్రం లెక్కలో 52. మొదట కనబడే మేరలోనే దాదాపు ఇమిడిపోతుంది. "హాయ్ ఫ్రెండ్స్, మా కొత్త ఎపిసోడ్ వచ్చేసింది" అంటూ మొదలుపెట్టి ఉంటే ఆ కాస్త చోటూ పలకరింపులకే ఖర్చయిపోయేది. షో పేరు, ఎపిసోడ్ నంబరు, అతిథి బిరుదులు కూడా అక్కడ వద్దు. ఎవరి ఖాతా అన్నది పైన కనబడుతూనే ఉంది.

దారి సంగతి మిగిలింది. లింకు పనిచేయనప్పుడు ఎటు వెళ్లమని చెప్పాలి? అందరూ రాసేది "లింక్ ఇన్ బయో". అది తప్పేమీ కాదు గానీ, దానికి మూడు జబ్బులున్నాయి. ఒకటి, బయోలో లింకు మారిపోతుంది. ఈరోజు పెట్టిన రీల్ మూడు నెలల తర్వాత ఎవరికో కనబడుతుంది, రీల్స్‌తో అది మామూలే. అప్పటికి బయోలో పూతరేకులు పోయి ఇంకేదో ఉంటుంది. రెండు, వీడియో ఒక్క ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉండదు. అదే ఫైలును షార్ట్స్‌లో పెడతారు, వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, ఎవరో డౌన్‌లోడ్ చేసి కుటుంబం గ్రూపులో పడేస్తారు. వీడియో చివర తెర మీద పెద్ద అక్షరాలతో 'లింక్ ఇన్ బయో' అని ఉంటుంది, కాకినాడలో మేనత్త ఆ వీడియో చూసి బయో ఎక్కడుందిరా అని అడుగుతుంది. వాట్సాప్‌లో బయో లేదు. మూడోది, బయోకి వెళ్లినవాడికి అక్కడ పది బటన్లు కనబడటం. అతను క్యాప్షన్‌లో చదివింది చప్పుడు గురించి, అక్కడేమో 'లేటెస్ట్ ఎపిసోడ్', 'మా ఛానల్', 'స్పాన్సర్ ఆఫర్'. తను వెతుకుతున్నది ఏదో తెలియక వెనక్కి వచ్చేస్తాడు.

అందుకే నోటితో చెప్పగలిగే దారి ఉండాలంటాను. ఒకప్పుడు మన ఊళ్లలో సినిమా వస్తే రిక్షాకు రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకు పెట్టి, కరపత్రాలు పంచుతూ తిరిగేవాళ్లు. బొమ్మ పేరు, హాలు పేరు, ఆటల వేళలు. విన్నవాడు ఇంటికెళ్లి ఇంకొకరికి తప్పు లేకుండా చెప్పగలిగినంతే ఉండేది. మన క్యాప్షన్‌లో దారి కూడా అలాగే ఒకరి నోటినుంచి ఇంకొకరి చెవికి చేరగలగాలి. పదకొండు గుర్తుల అడ్రసు ఎవరూ చెప్పలేరు. "యూట్యూబ్‌లో ఫలానా మాట కొట్టు" అని ఎవరైనా చెప్పగలరు. ఇంట్లో టీవీలో యూట్యూబ్ చూసేవాళ్లకైతే ఇదే దగ్గరి దారి. ఫోన్‌లోని బయో లింకు టీవీకి ఎక్కదు, మైకు బటన్ నొక్కి ఆ రెండు మాటలు పలికితే చాలు.

అయితే ఏ మాట కొట్టమనాలి అన్నచోట తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. మనలో చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు, ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. పూతరేకులనే చూడండి: pootharekulu, putharekulu, pootarekulu, puta rekulu. అన్నీ కరెక్టే. వెతుకులాట కొన్నిటిని సర్దుకుంటుంది, కొన్నిటికి ఇంకేవో చూపిస్తుంది. ఒకవేళ సరిగ్గా కొట్టినా వచ్చేది మన ఎపిసోడ్ కాదు. లక్షల వ్యూస్ ఉన్న వంటల వీడియోలు, ఊరికి వెళ్లి తిన్నవాళ్ల వీడియోలు వరసగా వస్తాయి. మనది ఎక్కడో కింద.

కాబట్టి ఎపిసోడ్ పేరు పెట్టేటప్పుడే వెతికే మాట గురించి ఆలోచించాలి. పేరులో రెండు గుణాలు కావాలి: ఇంకెవరూ వాడని జోడీ అయ్యుండాలి, ఎవరు టైపు చేసినా ఒకే స్పెల్లింగ్ రావాలి. మన ఎపిసోడ్‌కు 'కుండ చప్పుడు' అని పేరు పెడదాం. ఇంగ్లిషు అక్షరాల్లో kunda chappudu. దీన్ని నాలుగు రకాలుగా రాయడానికి పెద్దగా సందు లేదు. పూతరేకులు అని వెతికేవాళ్లను వదులుకోవడం దేనికి, యూట్యూబ్‌లో పూర్తి పేరు 'కుండ చప్పుడు | ఆత్రేయపురం పూతరేకులు' అని పెట్టి, వివరణ మొదటి వరుసలో ఇంగ్లిషు అక్షరాల్లో కూడా రాస్తే సరి. స్పాటిఫైలోనో ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లోనో వినేవాళ్లకు కూడా ఎపిసోడ్ పేరు ఇదే ఉండాలి. ఒక్కోచోట ఒక్కో పేరు పెడితే నోటితో చెప్పే దారి చెడిపోతుంది.

క్యాప్షన్ పెట్టేముందు ఒక పరీక్ష చేయాలి. మన ఫోన్‌లో వెతికి మొదటనే వచ్చింది అని సంతోషపడితే లాభం లేదు. మన ఛానల్ మనమే రోజూ చూస్తుంటాం, యూట్యూబ్ మనకు మనదే ముందు చూపిస్తుంది. ఖాతాలోకి వెళ్లకుండా, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి వెతకాలి. లేదా ఆ ఎపిసోడ్ సంగతే తెలియని ఎవరి ఫోన్‌లోనైనా. తెలుగులో ఒకసారి, ఇంగ్లిషు అక్షరాల్లో ఒకసారి, పలికి ఒకసారి. మూడుసార్లూ పైన రెండు మూడింట్లో కనబడితే ఆ మాట క్యాప్షన్‌లోకి వెళ్లొచ్చు. వీడియో పెట్టిన గంటలోపే వెతికితే కొన్నిసార్లు రాదు, కాస్త ఆగాలి. అంటే ఎపిసోడ్ ముందు, రీల్ తర్వాత. రెండూ ఒకేసారి పెట్టేసి, రీల్ చూసి వెళ్లినవాళ్లకు ఎపిసోడ్ దొరక్కపోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఇప్పుడు మన క్యాప్షన్ మొత్తం చూద్దాం:

"కుండ కాగిందో లేదో ఆమె కళ్లతో చూడదు. చెవితో వింటుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే పొయ్యి దగ్గర తడిగుడ్డ కుండ మీద పడగానే ఒక చప్పుడొస్తుంది. ఒక రకంగా వస్తే రేకు చిల్లులు పడుతుంది. ఇంకో రకంగా వస్తే ఊడిరాదు. మూడో రకంగా వస్తేనే రేకు.

మూడు చప్పుళ్లూ 17వ నిమిషంలో వినొచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

యూట్యూబ్‌లో వెతకండి: కుండ చప్పుడు / kunda chappudu"

అంతే. కామెంట్ చేయమని లేదు, షేర్ చేయమని లేదు. బయోలో లింకు కూడా ఉంటుంది, ఆ బటన్ మీద 'కుండ చప్పుడు' అనే ఉంటుంది, అన్నిటికంటే పైన ఉంటుంది. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళతారు. చివరి వరుసను రీల్‌లో కూడా చివరి రెండు మూడు క్షణాలు తెర మీద చూపించాలి, ఎందుకంటే క్యాప్షన్ తెరిచి చదివేవాళ్లు తక్కువ. ఆ వరుస గ్రూపుల్లోకి వెళ్లినా, ఏడాది తర్వాత కనబడినా పనిచేస్తుంది. మేనత్తకు కూడా.

ఈమధ్య ఎక్కువైన ఇంకో పద్ధతి "కామెంట్‌లో 'కుండ' అని రాయండి, లింకు పంపిస్తాం" అనేది. మెసేజ్‌లో లింకు నొక్కితే తెరుచుకుంటుంది కాబట్టి పుట్టిన ఉపాయం. మెనీచాట్ లాంటి సాఫ్ట్‌వేర్లు కామెంట్‌లో ఆ మాట కనబడగానే వాటంతటవే మెసేజ్ పంపిస్తాయి. పనిచేస్తుంది, నిజమే. అయితే ఇన్‌స్టాగ్రామ్ నియమం ప్రకారం ఇలా కామెంటుకు వెళ్లేది ఒక్క మెసేజే, అదీ కామెంట్ పెట్టిన ఏడు రోజుల్లోపు. మనల్ని ఫాలో కానివాళ్లకైతే అది ఇన్‌బాక్స్‌లో కాకుండా రిక్వెస్టుల గదిలో పడుతుంది. చాలామంది ఆ గది ముఖమే చూడరు. లింకు రాలేదని కోపంతో ఇంకో కామెంట్ పెడతారు. కుండ, kunda, KUNDA, కుండా, చివర ఒక దండం బొమ్మ: వీటన్నిటినీ గుర్తుపట్టేలా ముందే సర్ది పెట్టాలి. వీటికి మించి నాకు నచ్చనిది ఏమిటంటే, కామెంట్ల నిండా కుండ, కుండ, కుండ అనే మాటే పేరుకుపోతుంది. మా అమ్మమ్మ కూడా ఇలాగే తీసేది అని రాసిన ఒక మంచి కామెంట్ వాటి కింద పడి కనబడకుండా పోతుంది. ఏ పుస్తకమో ఫారమో పంపాల్సి ఉంటే ఈ పద్ధతి సరే. ఎపిసోడ్‌కైతే నేను వాడను.

స్టోరీ సంగతి వేరు. అక్కడ స్టిక్కర్ నొక్కితే లింకు తెరుచుకుంటుంది, కాబట్టి వెతకమని చెప్పే పని లేదు. 24 గంటల్లో మాయమవుతుంది, చూసేది ఎక్కువగా మనల్ని ముందే ఫాలో అవుతున్నవాళ్లు. కొత్తవాళ్ల కోసం రీల్, పాతవాళ్ల కోసం స్టోరీ అని పంచుకుంటే సరిపోతుంది.

ఎపిసోడ్ వెళ్లి వారమైందనుకుందాం. ఎక్కడ జనం జారిపోయారో తెలుసుకోవాలంటే రెండు చోట్ల చూడాలి. ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో రీల్ చూసినవాళ్లు, దాన్నుంచి ప్రొఫైల్‌కు వెళ్లినవాళ్లు, అక్కడ లింకు నొక్కినవాళ్లు కనబడతారు. రీల్‌ను చాలామంది చూసినా ప్రొఫైల్‌కు ఎవరూ వెళ్లకపోతే లోపం క్యాప్షన్‌లోనో రీల్‌లోనో ఉంది, ఊరించింది చాలలేదు. ప్రొఫైల్‌కు వచ్చి లింకు నొక్కకుండా వెళ్లిపోతే బయోలో గజిబిజి ఉంది. నొక్కి వెళ్లి కూడా వీడియో అర నిమిషంలో వదిలేస్తే ఎపిసోడ్ మొదట్లో ఏదో ఉంది, బహుశా మన పొడుగాటి స్వాగతం.

వెతుక్కుని వచ్చినవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడరు, వాళ్ల లెక్క యూట్యూబ్ స్టూడియోలో ఉంటుంది. ట్రాఫిక్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూపేచోట 'యూట్యూబ్ సెర్చ్' తెరిస్తే జనం ఏ మాటలు కొట్టి వచ్చారో ఉంటుంది. చూసినవాళ్లు మరీ తక్కువైతే ఆ మాటలు చూపించదు, కొన్నాళ్లు ఆగాలి. ఎవరూ వాడని జోడీ ఎంచుకున్నందుకు ఇక్కడ ఇంకో లాభం దక్కుతుంది. పూతరేకులు అని వెతికి వచ్చినవాడు ఎక్కడినుంచైనా వచ్చి ఉండొచ్చు. కుండ చప్పుడు అని వెతికి వచ్చినవాడు మాత్రం మన క్యాప్షనో రీలో చూసి ఉండాలి, లేదా చూసినవాళ్ల నోట విని ఉండాలి. ఊరికే ఆ మాట ఎవరికీ తట్టదు.

ఆ జాబితాలో మనం ఊహించని స్పెల్లింగులు కూడా కనబడతాయి. చప్పుడును తెలంగాణలో చాలామంది సప్పుడు అంటారు, కాబట్టి kunda sappudu అని రావచ్చు. టీవీ రిమోట్‌తో కొట్టినవాళ్లు kunda chapudu అని ఒక అక్షరం మింగేస్తారు. యూట్యూబ్‌లో వీడియోకు ట్యాగులు రాసే పెట్టె ఒకటుంది. మామూలుగా వాటివల్ల పెద్ద ఉపయోగం లేదని యూట్యూబే చెబుతుంది, జనం తరచూ తప్పు స్పెల్లింగ్‌తో వెతికే మాటలుంటే మాత్రం పనికొస్తాయంటుంది. వచ్చినవాటిని వచ్చినట్టు ఆ పెట్టెలో చేర్చి, తర్వాతి రీల్ ఎప్పుడు పెట్టాలో చూసుకోవడమే.